ఇడ్లీ పిండి యూనిట్ లెక్కతో బ్రేక్ ఈవెన్ చార్టు, పీవీ గ్రాఫ్: గీయడం, చదవడం

ఎంత అమ్మితే లాభమూ నష్టమూ లేకుండా సరిపోతుందో చూపే బ్రేక్ ఈవెన్ చార్టుకు గీయాల్సిన గీతలు మూడే. స్కేలు పట్టుకోవడం వచ్చినవాళ్లెవరైనా పది నిమిషాల్లో గీసేస్తారు. తప్పులన్నీ పెన్సిల్ పట్టకముందే, ఖర్చులను విడదీసేటప్పుడే దొర్లిపోతాయి. అందుకే ఇక్కడ ఒకే ఒక్క యూనిట్ లెక్క తీసుకుని, కాగితం మీద రాసిన అంకెల నుంచి రెండు గ్రాఫ్‌ల దాకా వెళదాం.

మన ఉదాహరణ, కిలో ప్యాకెట్లలో ఇడ్లీ పిండి అమ్మే చిన్న యూనిట్. దీన్నే ఎంచుకోవడానికి కారణం ఉంది. తయారైన సరుకంతా ఆ కాలంలోనే అమ్ముడైపోతుందన్న లెక్క మీదే ఈ చార్టు నిలబడుతుంది. ఇడ్లీ పిండి రాత్రి రుబ్బితే తెల్లారేసరికి దుకాణానికి వెళ్లిపోతుంది, నిల్వ ఉండదు. వేసవిలో పెట్టి ఏడాది పొడవునా అమ్మే ఆవకాయకు నెలవారీ చార్టు గీస్తే అర్థం లేని జవాబు వస్తుంది. దానికి ఏడాది మొత్తానికి కలిపి ఒకే చార్టు గీయాలి.

ముందు అంకెలు

దుకాణం నుంచి యూనిట్‌కు వచ్చేది ప్యాకెట్‌కు 50 రూపాయలు. కవరు మీద 60 అని ఉండొచ్చు, ఆ తేడా దుకాణదారుడిది. చార్టులో వాడాల్సిన ధర యూనిట్ చేతికి వచ్చే 50 మాత్రమే. 60 పెట్టి గీస్తే ఎప్పటికీ రాని లాభం కాగితం మీద కనిపిస్తుంది.

ప్యాకెట్‌తో పాటు పెరిగే చర వ్యయాలు: మినప్పప్పు, ఇడ్లీ రవ్వ, మెంతులు, ఉప్పు కలిపి 24 రూపాయలు, కవరు, స్టిక్కర్ 2 రూపాయలు, డెలివరీ కుర్రాడికి ప్యాకెట్ లెక్కన ఇచ్చేది 2.50. మొత్తం 28.50. నెలకు మారకుండా ఉండే స్థిర వ్యయాలు: అద్దె 22,000, జీతాలు 68,000, గ్రైండర్లు, కోల్డ్ రూమ్ మీద తరుగుదల 12,000, అప్పు మీద వడ్డీ 10,000. మొత్తం 1,12,000.

మిగిలింది కరెంటు బిల్లు. ఇదే చిక్కు ముడి. 5,000 ప్యాకెట్లు చేసిన నెల బిల్లు 15,500, 9,000 చేసిన నెల బిల్లు 21,500. కోల్డ్ రూమ్ సరుకు ఉన్నా లేకపోయినా నడుస్తూనే ఉంటుంది, గ్రైండర్ మాత్రం రుబ్బినంత సేపే తిరుగుతుంది. కాబట్టి ఈ బిల్లు పూర్తిగా స్థిరమూ కాదు, పూర్తిగా చరమూ కాదు. దీన్ని విడదీయాలి. ప్యాకెట్లు 4,000 పెరిగితే బిల్లు 6,000 పెరిగింది, అంటే ప్యాకెట్‌కు 1.50. 9,000 ప్యాకెట్లకు ఇది 13,500 అవుతుంది. 21,500లో అది తీసేస్తే మిగిలే 8,000 స్థిర భాగం. 5,000 ప్యాకెట్ల నెలతో సరిచూడండి: 7,500కు 8,000 కలిపితే 15,500. సరిపోయింది. ఈ రెండు నెలల్లో కరెంటు రేటు మారినా, ఏదో ఒక నెల మోటారు పాడై బిల్లు అసాధారణంగా వచ్చినా ఈ పద్ధతి తప్పుదారి పట్టిస్తుంది. మామూలుగా నడిచిన నెలలనే తీసుకోవాలి.

ఇప్పుడు మన చేతిలో మూడే అంకెలు మిగిలాయి: ధర 50, చర వ్యయం 30, స్థిర వ్యయం నెలకు 1,20,000. ధరలో చర వ్యయం పోగా మిగిలే 20 రూపాయలే కాంట్రిబ్యూషన్. ఒక్కో ప్యాకెట్ స్థిర ఖర్చుల గొయ్యి పూడ్చడానికి ఇచ్చేది అంతే. 1,20,000ను 20తో భాగిస్తే బ్రేక్ ఈవెన్ 6,000 ప్యాకెట్లు, అమ్మకాల్లో 3,00,000 రూపాయలు. ఈ జవాబును గ్రాఫ్ గీయకముందే ఒక మూల రాసి పెట్టుకోండి. గీసిన తర్వాత సరిచూసుకోవడానికి పనికొస్తుంది.

బ్రేక్ ఈవెన్ చార్టు గీయడం

మిల్లీమీటరు గళ్ల గ్రాఫ్ పేపర్, సన్నగా చెక్కిన పెన్సిల్, 30 సెంటీమీటర్ల స్కేలు చాలు. యూనిట్ గరిష్ఠంగా నెలకు 12,000 ప్యాకెట్లు చేయగలదనుకుందాం. అడ్డ అక్షం మీద సెంటీమీటరుకు 1,000 ప్యాకెట్లు పెడితే 12 సెంటీమీటర్లు. నిలువు అక్షం మీద పట్టాల్సిన పెద్ద అంకె 12,000 ప్యాకెట్ల అమ్మకం, అంటే 6,00,000. సెంటీమీటరుకు 40,000 తీసుకుంటే 15 సెంటీమీటర్లు వస్తుంది. ఈ స్కేలు ఊరికే ఎంచుకున్నది కాదు. 1,20,000 సరిగ్గా 3 సెంటీమీటర్ల దగ్గర, 4,80,000 సరిగ్గా 12 దగ్గర పడతాయి. కీలకమైన బిందువులు గళ్ల మూలల్లో పడేలా స్కేలు ఎంచుకుంటే సగం పొరపాట్లు తగ్గిపోతాయి. రెండు అక్షాలూ సున్నా దగ్గరే మొదలవ్వాలి. మధ్యలో తెంచిన అక్షంతో ఈ చార్టు పని చేయదు.

మొదట చర వ్యయం గీత గీయండి. సున్నా దగ్గర మొదలై, 12,000 ప్యాకెట్ల దగ్గర 3,60,000కు, అంటే 9 సెంటీమీటర్ల ఎత్తుకు చేరుతుంది. తర్వాత మొత్తం వ్యయం గీత. ఇది నిలువు అక్షం మీద 3 సెంటీమీటర్ల దగ్గర మొదలై, 12,000 దగ్గర 12 సెంటీమీటర్ల ఎత్తుకు వెళుతుంది. ఈ రెండు గీతల మధ్య నిలువు దూరం ఆ చివర నుంచి ఈ చివరదాకా 3 సెంటీమీటర్లే ఉండాలి. ఎక్కడైనా దగ్గరపడితే ఏదో ఒక బిందువు తప్పు పెట్టారన్నమాట. మూడోది అమ్మకాల గీత: సున్నా నుంచి 15 సెంటీమీటర్ల ఎత్తుకు.

చాలామంది ముందు స్థిర వ్యయాన్ని అడ్డంగా గీసి, దాని మీద చర వ్యయాన్ని పేరుస్తారు. మొత్తం వ్యయం గీత రెండు పద్ధతుల్లోనూ ఒకచోటే వస్తుంది, బ్రేక్ ఈవెన్ పాయింటూ మారదు. కానీ చర వ్యయాన్ని కింద పెట్టడమే మేలు. అలా చేస్తే అమ్మకాల గీతకూ చర వ్యయం గీతకూ మధ్య ఉన్న ఖాళీయే కాంట్రిబ్యూషన్‌గా కంటికి కనిపిస్తుంది. స్థిర వ్యయాన్ని కింద పెట్టిన చార్టులో ఆ సంగతి ఎక్కడా దొరకదు. పరీక్ష ప్రశ్నలో ప్రత్యేకంగా పాత పద్ధతే అడిగితే తప్ప ఇదే వాడండి.

గీతలు గీశాక ఒక నడిమి బిందువుతో పరీక్షించండి. 4,000 ప్యాకెట్ల దగ్గర మొత్తం వ్యయం 2,40,000, అంటే 6 సెంటీమీటర్లు. అమ్మకం 2,00,000, అంటే 5 సెంటీమీటర్లు. అక్కడ రెండింటి మధ్య సెంటీమీటరు ఖాళీ ఉందా? ఉంటే గీతలు సరైనవే.

చార్టును చదవడం

అమ్మకాల గీత మొత్తం వ్యయం గీతను కోసిన చోటు నుంచి కిందికి గీత దించితే 6,000 ప్యాకెట్లు, ఎడమకు గీస్తే 7.5 సెంటీమీటర్ల ఎత్తులో 3,00,000 రూపాయలు. నెలకు 30 రోజులనుకుంటే రోజుకు 200 ప్యాకెట్లు పోవాలి. ఆ చోటుకు ఎడమవైపున్న త్రికోణం నష్టం, కుడివైపుది లాభం.

ఇక్కడ పెన్సిల్ మందం గురించి ఒక మాట చెప్పాలి. ఈ స్కేలులో నిలువున ఒక మిల్లీమీటరు అంటే 4,000 రూపాయలు. రెండు గీతల మధ్య ఖాళీ ప్యాకెట్‌కు 20 రూపాయల చొప్పునే మారుతుంది. కాబట్టి ఒక గీత అర మిల్లీమీటరు పైకి జరిగిందంటే 2,000 రూపాయలు, అంటే కోసే చోటు 100 ప్యాకెట్లు పక్కకు జరిగిపోతుంది. గ్రాఫ్ మీద 5,900 లేదా 6,100 వచ్చిందంటే కంగారు పడక్కర్లేదు. 5,500 వస్తే మాత్రం ఏదో బిందువు తప్పింది. కాంట్రిబ్యూషన్ తక్కువగా ఉండే వ్యాపారాల్లో గీతలు దాదాపు ఆనుకుని నడుస్తాయి. అక్కడ ఈ లోపం ఇంకా పెరుగుతుంది, లెక్క కట్టిన జవాబునే నమ్మాలి.

యూనిట్ ఈ నెల 9,000 ప్యాకెట్లు అమ్మాలనుకుంటోంది. ఆ బిందువు దగ్గర స్కేలు నిలువుగా పెట్టండి. అమ్మకాల గీత 11.25 సెంటీమీటర్ల దగ్గర, మొత్తం వ్యయం 9.75 దగ్గర, చర వ్యయం 6.75 దగ్గర తగులుతాయి. పై ఖాళీ 1.5 సెంటీమీటర్లు, అంటే లాభం 60,000. అమ్మకాలకూ చర వ్యయానికీ మధ్య 4.5 సెంటీమీటర్లు, అంటే కాంట్రిబ్యూషన్ 1,80,000.

9,000కూ 6,000కూ మధ్య ఉన్న 3,000 ప్యాకెట్లు మార్జిన్ ఆఫ్ సేఫ్టీ. అమ్మకం ఇంతవరకు పడిపోయినా నష్టం రాకుండా కాపాడే జాగా ఇది. రూపాయల్లో 1,50,000, మొత్తం అమ్మకంలో మూడో వంతు. దీనితో లాభాన్ని సరిచూసుకోవచ్చు: 50లో 20 కాంట్రిబ్యూషన్ కాబట్టి, అమ్మకంలో కాంట్రిబ్యూషన్ వాటాను చెప్పే ప్రాఫిట్ వాల్యూమ్ నిష్పత్తి, అంటే పీవీ నిష్పత్తి 40 శాతం, 1,50,000లో 40 శాతం 60,000. చార్టు చెప్పిన లాభం అదే.

కోసే చోట రెండు గీతల మధ్య ఏర్పడే కోణాన్ని ఆంగిల్ ఆఫ్ ఇన్సిడెన్స్ అంటారు. అది ఎంత వెడల్పైతే బ్రేక్ ఈవెన్ దాటాక లాభం అంత త్వరగా పెరుగుతుంది. అయితే దాన్ని కోణమానినితో కొలిచి రాయకండి. నిలువు స్కేలు మారిస్తే కోణమూ మారిపోతుంది. ఒకే స్కేలులో గీసిన రెండు చార్టులను పోల్చడానికే అది పనికొస్తుంది.

పీవీ గ్రాఫ్

బ్రేక్ ఈవెన్ చార్టులో లాభం రెండు గీతల మధ్య దాక్కుని ఉంటుంది. పీవీ గ్రాఫ్ దాన్ని ఒక్క గీతగా బయటికి తీస్తుంది. అడ్డ అక్షం మీద అమ్మకాలు రూపాయల్లో, సెంటీమీటరుకు 50,000. ఇది కాగితం అడుగున కాకుండా మధ్యలో ఉండాలి. పైభాగం లాభం, కింది భాగం నష్టం, నిలువున సెంటీమీటరుకు 20,000.

అమ్మకం సున్నా అయితే నష్టం ఎంత? స్థిర వ్యయమంతా, 1,20,000. కాబట్టి మొదటి బిందువు నిలువు అక్షం మీద సున్నాకు 6 సెంటీమీటర్ల కింద పడుతుంది. మొదటిసారి గీసేవాళ్లు గీతను సున్నా దగ్గరే మొదలుపెట్టడం తరచూ జరిగే తప్పు. రెండో బిందువు 4,50,000 అమ్మకం దగ్గర 60,000 లాభం, అంటే 9 సెంటీమీటర్లు కుడికి, 3 సెంటీమీటర్లు పైకి. రెండూ కలిపి 6,00,000 దాకా పొడిగించండి. గీత అడ్డ అక్షాన్ని 3,00,000 దగ్గర కోస్తుంది, చివర 1,20,000 లాభం దగ్గర ఆగుతుంది.

గీత వాలు చూస్తే పీవీ నిష్పత్తి తెలుస్తుంది. 3,00,000 నుంచి 6,00,000కు అమ్మకం 3,00,000 పెరిగితే లాభం 1,20,000 పెరిగింది, 40 శాతం. మన కాగితం మీద గీత సరిగ్గా 45 డిగ్రీల్లో కనిపిస్తుంది, అది స్కేలు వల్ల వచ్చిందే. 80,000 లాభం కావాలంటే ఎంత అమ్మాలో చూడాలా? నిలువు అక్షం మీద 80,000 దగ్గర నుంచి అడ్డంగా వెళ్లి గీతను తాకి, కిందికి దిగండి. 5,00,000 వస్తుంది, అంటే 10,000 ప్యాకెట్లు.

మార్పులను చూడటానికి ఈ గ్రాఫ్‌ను మించింది లేదు. అద్దె 6,000 పెరిగితే గీత మొదలు కిందికి జరిగి, మొత్తం గీత సమాంతరంగా దిగుతుంది. బ్రేక్ ఈవెన్ 3,15,000 అవుతుంది. ధర తగ్గిస్తే మొదలు అక్కడే ఉంటుంది, గీత మాత్రం వాలిపోతుంది. ప్యాకెట్ 48కి ఇస్తే కాంట్రిబ్యూషన్ 18, పీవీ నిష్పత్తి 37.5 శాతం, బ్రేక్ ఈవెన్ 3,20,000. రెండు రూపాయలే కదా అనుకునే తగ్గింపు వల్ల, అదే 60,000 లాభానికి 9,000 బదులు 10,000 ప్యాకెట్లు అమ్మాలి.

ధర మార్పు చదివేటప్పుడు ఒక ఉచ్చు ఉంది. కొత్త గీత మీద 4,50,000 దగ్గర చూస్తే లాభం 48,750 వస్తుంది. అది 9,000 ప్యాకెట్ల లాభం అనుకుంటే తప్పు. 48 రూపాయల ధరకు 4,50,000 రావాలంటే 9,375 ప్యాకెట్లు పోవాలి. 9,000 ప్యాకెట్లకు అమ్మకం 4,32,000, లాభం 42,000 మాత్రమే. ధరలు పోల్చేటప్పుడు అడ్డ అక్షం మీద రూపాయలకు బదులు ప్యాకెట్లు వేయండి, ఈ గందరగోళం ఉండదు.

రెండు సరుకులుంటే

యూనిట్ వడ పిండి కూడా అమ్ముతోందనుకోండి. ఇడ్లీ పిండి అమ్మకం 3,00,000, పీవీ 40 శాతం. వడ పిండి అమ్మకం 1,50,000, పీవీ 20 శాతం. స్థిర వ్యయం మొత్తానికి 1,20,000. పీవీ ఎక్కువున్న సరుకుతో మొదలుపెట్టి గీయడం ఆనవాయితీ. 1,20,000 నష్టం దగ్గర నుంచి ఇడ్లీ పిండి గీత 3,00,000 అమ్మకం దగ్గర సున్నాకు చేరుతుంది, అక్కడి నుంచి వడ పిండి గీత తక్కువ వాలుతో 4,50,000 దగ్గర 30,000 లాభానికి ఎక్కుతుంది.

విరిగిన గీత 3,00,000 దగ్గర అక్షాన్ని తాకింది కదా అని అదే బ్రేక్ ఈవెన్ అని రాస్తే మార్కులూ పోతాయి, వ్యాపారమూ దెబ్బ తింటుంది. ఇడ్లీ పిండి మొత్తం అమ్ముడైన తర్వాతే వడ పిండి అమ్ముతాం అనుకుంటేనే అది నిజం. రోజూ రెండూ కలిసే పోతాయి. అందుకని మొదటి బిందువునూ చివరి బిందువునూ కలుపుతూ ఒక చుక్కల గీత గీయాలి. అది 3,60,000 దగ్గర అక్షాన్ని కోస్తుంది. రెండు సరుకులూ 2:1 నిష్పత్తిలో అమ్ముడవుతున్నంత కాలం అసలు బ్రేక్ ఈవెన్ అదే. నిష్పత్తి మారితే గీత మళ్లీ గీయాలి.

చార్టు ఎక్కడ అబద్ధం చెబుతుంది

తిరిగివచ్చే ప్యాకెట్లను చార్టు పట్టించుకోదు. ఇడ్లీ పిండి పులిసిపోతే దుకాణం వెనక్కి పంపుతుంది. చేసిన 100లో 4 వెనక్కి వస్తే, 100 ప్యాకెట్ల ఖర్చు 3,000ను అమ్ముడైన 96 భరించాలి. ప్యాకెట్‌కు 31.25 అవుతుంది, కాంట్రిబ్యూషన్ 18.75కు పడుతుంది. బ్రేక్ ఈవెన్ 6,400కు జరుగుతుంది. చర వ్యయం రాసేటప్పుడే ఈ లెక్క కలపాలి.

అంతకంటే పెద్దది స్థిర వ్యయం మెట్టు. ఉన్న గ్రైండర్లు, మనుషులతో 10,000 ప్యాకెట్ల దాకానే సాగుతుందనీ, అది దాటితే ఇంకో గ్రైండర్, ఇంకో ఇద్దరు మనుషులకు నెలకు 30,000 కావాలనీ అనుకుందాం. అప్పుడు 12,000 దాకా తిన్నగా గీసిన గీత తప్పు. 10,000 దగ్గర లాభం 80,000. ఆ మెట్టు దాటగానే అది 50,000కు పడిపోతుంది. పాత 80,000 మళ్లీ చేతికి రావాలంటే 11,500 ప్యాకెట్లు పోవాలి. 12,000 మొత్తం అమ్మినా లాభం 90,000 మాత్రమే. పీవీ గ్రాఫ్ మీద 10,000 ప్యాకెట్ల దగ్గర, అంటే 5,00,000 అమ్మకం దగ్గర, గీతను ఆపి, 1.5 సెంటీమీటర్లు కిందికి దింపి, అదే వాలుతో మళ్లీ ఎక్కించండి. రోజుకు 340 ప్యాకెట్ల ఆర్డరు వచ్చినప్పుడు ఒప్పుకోవాలా వద్దా అన్నది ఆ కింది దిగుడు చూస్తేనే తేలుతుంది.

ఎక్సెల్‌లో అయితే

A నిలువు వరుసలో A2 నుంచి 0, 2000, 4000 అని 12000 దాకా ప్యాకెట్లు రాసి, రెండో అడ్డు వరుసలో ఈ సూత్రాలు పెట్టి కిందికి లాగండి.

```
B2: =A2*50
C2: =A2*30
D2: =120000+C2
E2: =B2-D2
```

A నుంచి D దాకా ఎంచుకుంటే బ్రేక్ ఈవెన్ చార్టు. పీవీ గ్రాఫ్‌కు B, E చాలు. చార్టు రకంలో Line తీసుకోకండి, Scatter with Straight Lines తీసుకోండి. Line రకం ప్యాకెట్ల అంకెలను ఉత్త పేర్లుగా చూసి, వాటిని సమాన దూరాల్లో పేరుస్తుంది. 2,000 చొప్పున ఉన్న పట్టికలో మధ్యలో 9,000 అనే వరుస ఒకటి చేర్చితే చాలు, తిన్నగా ఉండాల్సిన గీత అక్కడ వంకర తిరుగుతుంది. కాగితం మీదైనా తెర మీదైనా, స్థిరమైన ధరా వ్యయాలతో మెట్టు లేని చోట గీసిన గీత వంగిందంటే లెక్కలోనో చార్టు రకంలోనో పొరపాటు ఉంది, ముందు దాన్ని వెతకాలి.